రఖమ్ ముందు, మాఫీ తర్వాత

పోయిన ఇత్వారం పొద్దున్నే పెడన నుంచి మా భాంజా ఫోన్ చేశాడు. "మామూ, గల్తీ హోగయా. గుడివాడ మేడమ్‌కి పంపిన బిల్లులో రఖమ్ తప్పు పడింది. మాఫీ అడుగుతూ ఖత్ రాశాను. పంపే ముందు మీరొకసారి చూడండి" అన్నాడు. గొంతులో వణుకు తెలుస్తోంది. ఫోన్లో చూసే పని కాదురా, బందరు వచ్చేయ్ అన్నాను. గంటలో మోటార్ సైకిల్ మీద వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

వాడు మా ఆపా రెండో కొడుకు. దూలాభాయ్ పోయి మూడేళ్లయింది. ఆయన పెడనలో ఖలమ్‌కారీ గుడ్డ అచ్చు వేయించి దుకాణాలకు వేసేవారు. ఖలమ్ అంటే కలం, కారీ అంటే పని. పేరు మన ఫార్సీదే గానీ, పెడనలో కలం పట్టేవాళ్లు ఎక్కడ, అంతా టేకు చెక్క అచ్చులే. సరే, ఆ ముచ్చట ఇంకోసారి. దూలాభాయ్ బిల్లు పుస్తకంలో కార్బన్ పెట్టి తెలుగులో బిల్లు రాసి, హిసాబ్ మాత్రం ఎర్ర అట్ట నోట్‌బుక్కులో ఉర్దూలో రాసుకునేవారు. భాంజా కాలం వచ్చేసరికి అదంతా ఫోన్లోకి ఎక్కింది. బిల్లు ఫోనే వేస్తుంది, టాక్స్ ఫోనే వేస్తుంది. గల్తీ కూడా అక్కడే జరిగింది.

గుడివాడ మేడమ్‌ది బట్టల దుకాణం. దూలాభాయ్ కాలం నుంచీ సరుకు తీసుకుంటోంది. ఇప్పుడు భాంజాకి ఉన్న గిరాకుల్లో పెద్దది ఆవిడే. పెళ్లిళ్ల సీజన్ ఆర్డరు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. పోయిన నెలాఖరులో 80 దుపట్టాలు తీసుకుంది. దుపట్టా 630 రూపాయలు, టాక్స్ కలుపుకుని. ఆ మాట నోటితో అనుకున్నదే. ముందే 30,000 అడ్వాన్సు ఇచ్చేసింది.

ఫోన్లో సరుకు ధర రాసేచోట పక్కనే చిన్న గడి ఉంటుంది, ధర టాక్స్‌తో కలిపా, టాక్స్ లేకుండానా అని అడుగుతుంది. వీడు 630 రాసి, 'టాక్స్ లేకుండా' అన్నదాన్ని అలాగే వదిలేశాడు. ఫోను తన పని తాను చేసింది. 80 దుపట్టాలకు 50,400, దాని మీద 5 శాతం 2,520, మొత్తం 52,920. బిల్లు నంబరు 47. అడ్వాన్సు పోను మేడమ్ 22,920 కట్టాలని కింద అచ్చయింది.

మేడమ్ ఏమీ అనలేదు. బిల్లు ఫోటో తీసి, 630 దగ్గర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి పంపింది. అంతే. తిడితే బాగుండేది మామూ అన్నాడు వీడు. ఆ ప్రశ్నార్థకం వచ్చి అప్పటికి రెండు రోజులు.

ఇలాంటి తప్పును బిల్లు పంపకముందే పట్టుకునే పద్ధతి ఒకటుంది. చివరి మొత్తాన్ని సరుకు లెక్కతో భాగించి చూడాలి. 52,920ని 80తో భాగిస్తే 661 రూపాయల 50 పైసలు వస్తుంది. దుపట్టాకి 661న్నర అని ఎవరూ బేరం చేయరు. నోటితో అనుకున్న ధర రాకపోతే, వచ్చింది ఇలా పైసలతో సహా వింతగా ఉంటే, టాక్స్ రెండుసార్లు పడిందేమోనని అనుమానించాలి. దూలాభాయ్ ఈ పని వేళ్ల మీద చేసేవారు. వీడికి చెప్పేవాళ్లు లేకపోయారు.

ఇక వాడు రాసిన ఖత్ సంగతి. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను, వాడి ఇజాజత్‌తోనే.

"గౌరవనీయులైన మేడమ్ గారికి నమస్కారములు. మీరు, మీ కుటుంబ సభ్యులు దేవుని దయవలన క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మా నాన్నగారి కాలం నుండి మా మీద మీరు ఉంచిన నమ్మకానికి ఎల్లప్పుడూ రుణపడి ఉంటాము. ఈ మధ్య పని ఒత్తిడి వలన, కొత్త సాఫ్ట్‌వేర్ వలన బిల్లులో చిన్న పొరపాటు జరిగినది. అందుకు చాలా షర్మిందాగా ఉన్నది, క్షమించగలరు. రూ.52,920కి పంపిన బిల్లును పెద్ద మనసుతో మాఫ్ చేయగలరు. టాక్స్ ఎక్కువ పడినందున టాక్స్ రూ.2,520 తగ్గించుకొని కట్టగలరు. మరొక్కసారి క్షమాపణలు."

చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. వాడు బిక్కమొహం వేశాడు. నవ్వింది వాణ్ని చూసి కాదు. అది నేను రాసిన ఖత్ లాగే ఉంది. మేమిద్దరం చదివింది ఒకే ఉర్దూ మీడియం స్కూల్లో, పాతికేళ్ల తేడాతో. ఖుతూత్-నవీసీ పాఠంలో మాకు మొదట అల్ఖాబ్, తర్వాత ఆదాబ్, తర్వాత ఖైరియత్, ఆ తర్వాతే మత్లబ్. అల్ఖాబ్ లేకపోతే మార్కులు పోయేవి, మత్లబ్ లేకపోయినా ఉస్తాద్ పట్టించుకునేవారు కాదు. అదే స్కూల్లో గాలిబ్ ఖత్‌లు కూడా చెప్పారు. ఆ మహానుభావుడు అల్ఖాబ్‌లు పక్కన పడేసి ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు నేరుగా మాటలోకి దిగిపోయేవాడు. పాఠం మెచ్చుకుని చదివాం. పరీక్షలో మాత్రం అల్ఖాబ్‌లే రాశాం.

వాడి ఖత్‌లో అన్నిటికంటే ఖతర్నాక్ మాట 'మాఫ్'. మనింట్లో మాఫ్ కరో అంటే క్షమించమని. తెలుగులో మాఫీ అంటే అది కాదు. రుణమాఫీ, వడ్డీ మాఫీ, పన్ను మాఫీ. తెలుగువాళ్లకు మాఫీ అంటే కట్టక్కర్లేదు అని. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, ఖాతా, ఇవన్నీ మన నోట్లోంచి తెలుగులోకి వెళ్లి, పెద్ద తేడా లేకుండా బతుకుతున్నాయి. ఈ ఒక్క మాటే దారిలో తన మానీ సగం వదిలేసింది. '52,920కి పంపిన బిల్లును మాఫ్ చేయగలరు' అని చదివిన దుకాణం గుమాస్తా, అంత సొమ్మూ రద్దయిందా అని మేడమ్‌ని అడుగుతాడు. లేదా, బిల్లు పంపినవాడే మాఫీ అడుగుతున్నాడేమిటని తల గోక్కుంటాడు. డబ్బు సంగతి రాసే తెలుగు ఖత్‌లో మనం క్షమాపణ కోసం మాఫీ వాడకూడదు. ఈ ముక్క నాకు తెలుగు డిగ్రీలో ఎవరూ చెప్పలేదు, ఒక ఖాతాదారుడి మొహం చూసి నేర్చుకున్నాను.

రెండో సంగతి ఇంకా పెద్దది. ఖత్ మొత్తంలో 50,400 అన్న అంకె ఎక్కడా లేదు. తప్పు రఖమ్ ఉంది, తేడా ఉంది. సరైన రఖమ్ మేడమ్ తీసివేత చేసి కనుక్కోవాలి. గల్తీ మనది, హిసాబ్ ఆవిడదా? పైగా ఖత్‌లో కళ్లకు మొదట తగిలే అంకె 52,920. హడావుడిలో ఉన్నవాడు అదే చూసి అదే కడతాడు.

"ముందు మాఫీ అడక్కుండా అంకె రాస్తే బద్తమీజీ కాదా మామూ?" అన్నాడు.

వాడి మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే నా కథ చెప్పాను. ఇది ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

కొన్నేళ్ల కింద దివిసీమ వైపు ఒక సంస్థ 1977 నవంబరు 19 ఉప్పెన మీద ఒక రిపోర్టును ఇంగ్లీషు నుంచి తెలుగు చేయమంది. 212 పేజీలు, పేజీకి 150 రూపాయలు. పని పూర్తి చేసి బిల్లు పంపాను. పాత బిల్లు ఫైలుకే పేరు మార్చి వాడుకోవడంతో అందులో పాత రేటు 100 అలాగే ఉండిపోయింది. 31,800 రావాల్సిన చోట 21,200 అడిగాను. వాళ్లు వెంటనే కట్టారు. పది రోజుల తర్వాత చూసుకుని గుండె జారింది. మాఫీ ఖత్ రాశాను. ఏం రాశానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఉప్పెనలో పోయినవాళ్ల గురించి ఆ పేజీలు తెలుగు చేస్తుంటే నా కళ్లు ఎలా తడిశాయో రాశాను. ఈ పని నాకిచ్చినందుకు షుక్రియా చెప్పుకున్నాను. నా అజాగ్రత్తకు మన్నించమన్నాను. పద్నాలుగో లైనులో, ఇంకా 10,600 రావాలని, అది కూడా 'వీలైతే' అని చేర్చాను.

జవాబు రాలేదు. లిహాజ్ కొద్దీ నేనూ అడగలేదు. మార్చి దాటి మే నెలలో ఫోన్ చేస్తే, ఆ పని తాలూకు ఖాతా మార్చిలోనే మూసేశామండీ అన్నారు. నేను రాశాను కదా అన్నాను. అకౌంట్స్ చూసే ఆయన పాపం వెతికి తీశాడు. నా ఖత్ బిల్లుల ఫైల్లో లేదు, అభినందనల ఫైల్లో ఉంది! మొదటి రెండు పేరాలు చదివి, కృతజ్ఞతలు రాశారనుకున్నాడు. ఆయన్ను తప్పు పట్టలేను. డబ్బు అడుగుతున్నానని ఆ కాగితం చూస్తే నాకే అనిపించలేదు. 10,600 అలా పోయింది.

విని వాడు కాసేపు ఊరుకున్నాడు. తర్వాత నవ్వాడు. ఇద్దరం చాయ్ తాగి ఖత్ తిరగరాయడానికి కూర్చున్నాం.

మొదటి లైనులో ఏ అంకె ఉండాలన్న దగ్గరే అరగంట పట్టింది. వాడు 2,520 తగ్గిందని మొదలుపెడదామన్నాడు, శుభవార్త కాబట్టి. నేను వద్దన్నాను. తేడాతో ఎవరూ చెక్కు రాయరు. నేను 50,400తో మొదలుపెట్టి ఆగిపోయాను. వాడే పట్టుకున్నాడు: "మేడమ్ ఇప్పుడు 50,400 కట్టదు కదా మామూ, అడ్వాన్సు ఇచ్చింది కదా." నిజమే. 50,400 అని మాత్రమే రాస్తే దుకాణంలో ఎవరైనా అంతా మళ్లీ పంపేస్తారు, లేదా అడ్వాన్సు మరిచిపోయారా అని ఇంకో ప్రశ్నార్థకం వస్తుంది. కాబట్టి బిల్లు నంబరు, సరైన మొత్తం, అడ్వాన్సు పోను కట్టాల్సిన బాకీ, మూడూ ఒకే ఊపిరిలో రావాలి. తప్పు రఖమ్ ఆ తర్వాత ఒకే ఒక్కసారి, అదీ తప్పు అన్న మాటతో కలిసి కనిపించాలి. పేపర్లో సవరణ వేసేటప్పుడు మా డెస్కులో పాటించేదీ ఇదే. తప్పును మళ్లీ మళ్లీ అచ్చు వేస్తే చదివేవాడికి అదే గుర్తుంటుంది.

తర్వాత 'చిన్న పొరపాటు' కొట్టేశాను. చిన్నదో పెద్దదో డబ్బు పోయేవాళ్లు చెప్పాలి. పని ఒత్తిడి, కొత్త సాఫ్ట్‌వేర్ కొట్టేశాను. వాడు గింజుకున్నాడు, అది నిజమే కదా మామూ అని. నిజమే గానీ అది ఉజ్ర్, వజహ్ కాదు. సాఫ్ట్‌వేర్ అంటే నేను కాదు అని చెప్పుకోవడం. '630లోనే టాక్స్ ఉంది, దాని మీద మళ్లీ వేశాం' అన్నది వజహ్. ఎందుకంటే ఆ లైను చదివితే మేడమ్ తనే కాలిక్యులేటర్ తీసి మన కొత్త అంకె సరైందో కాదో చూసుకోగలదు. అలా చూసుకోనిస్తేనే ఇత్మినాన్.

ఆఖరి చిక్కు నాకూ తెలియక మా ఆడిటర్‌కి ఫోన్ చేశాను. 'టాక్స్ 2,520 తగ్గించుకొని' అని వీడు రాశాడు కదా, అది తప్పట. తగ్గాల్సిన సొమ్ము 2,520 నిజమే, కానీ అదంతా టాక్స్ కాదు. 630లో సరుకు ధర 600, టాక్స్ 30. సరైన బిల్లు ప్రకారం సరుకు 48,000, టాక్స్ 2,400. తప్పు బిల్లులో సరుకు 50,400, టాక్స్ 2,520. అంటే సరుకు విలువలో 2,400 ఎక్కువ, టాక్స్‌లో 120 ఎక్కువ. ఇత్తిఫాక్‌గా రెండూ కలిపితే 2,520 అవుతుంది, తప్పు బిల్లులోని టాక్స్ అంకె కూడా అదే. వీడి మాట నమ్మి మేడమ్ టాక్స్ మొత్తం తీసేసి ఉంటే, ఈ సరుకు మీద ఆవిడకు వెనక్కి రావాల్సిన టాక్స్ జమ అంతా పోయేది.

ఇంకోటి, పాత బిల్లు చింపేసి అదే నంబరుతో కొత్తది పంపుదామని వీడు అనుకున్నాడు. అదీ కుదరదు. పోయిన నెల బిల్లుల లెక్క ఈ నెల 11న జీఎస్టీకి దాఖలు చేసేశాడు. 14న మేడమ్ ఖాతాలో ఆ తప్పు టాక్స్ కనబడే ఉంటుంది. ఇక మిగిలిన దారి క్రెడిట్ నోట్. దానికి సొంత నంబరు, తారీఖు, ఏ బిల్లుకు సంబంధించిందో ఆ నంబరు ఉండాలి. అందులో 2,400 సరుకు, 60 కేంద్రం టాక్స్, 60 రాష్ట్రం టాక్స్. దాన్ని కూడా వీడు తన రిటర్నులో చూపించాలి. తక్కువ వేసి ఉంటే డెబిట్ నోట్ అట. నాకు దివిసీమ గుర్తొచ్చింది.

చివరికి వెళ్లిన ఖత్ ఇది:

"మేడమ్ గారికి నమస్కారం. బిల్లు నం. 47కి సరైన మొత్తం రూ.50,400. మీరిచ్చిన అడ్వాన్సు రూ.30,000 పోను ఇక కట్టాల్సింది రూ.20,400.

మొదట పంపిన బిల్లులో రూ.52,920 అని తప్పుగా వేశాం. 630 రూపాయల ధరలోనే టాక్స్ ఉంది, దాని మీద మళ్లీ 5 శాతం వేశాం. తప్పు మాదే. మీరు అడిగాక రెండు రోజులు జవాబు ఇవ్వకపోవడం కూడా తప్పే. క్షమించండి.

తేడా రూ.2,520కి క్రెడిట్ నోట్ జతచేశాను. అందులో సరుకు విలువ రూ.2,400, టాక్స్ రూ.120. మీ ఆడిటర్ గారికి ఇది చూపిస్తే చాలు. దుపట్టా ధర మనం అనుకున్న 630యే."

నమస్కారం ఒక్కటి ఉంచాం. అల్ఖాబ్ మొత్తం తీసేయడానికి నాకూ చేయి రాలేదు. వాడి ఖత్‌లో క్షమాపణ రెండుసార్లు, దాని మీద ఒక షర్మిందా, ఒక మాఫ్ ఉన్నాయి. ఇందులో ఒక్కటే ఉంది, అది కూడా దేనికో తెలిసిన తర్వాత వచ్చింది. రెండు రోజుల మౌనం గురించిన లైను మాత్రం వాడు సొంతంగా చేర్చిందే, నాకు తట్టలేదు.

జొహర్ దాటాక పంపాం. గంటలో 20,400 జమ అయినట్టు ఫోన్ మోగింది. వెనకాలే మేడమ్ మెసేజ్: "అందింది బాబూ. ఆడిటర్‌కి పంపాను." వాడు అక్కడే ఫోన్‌ని ముద్దు పెట్టుకున్నాడు. ఆపాకి ఫోన్ చేసి చెప్పాడు. దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నాక, అన్నం కలుపుతూ, నేను ముందే అడగాల్సిన మాట అప్పుడు అడిగాను. ఆ గడి ఎప్పట్నుంచి అలా ఉందిరా?

వాడి చేయి ఆగిపోయింది. ఫోన్ తీసి పాత బిల్లులు ఒక్కొక్కటే భాగించి చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. నాలుగు నెలల కింద అదే మేడమ్‌కి 12 చీరలు, చీర 1,050, టాక్స్ కలుపుకుని. 12,600 ఉండాల్సింది 13,230 పడింది. ఆవిడ చూసుకోలేదు, మొత్తం కట్టేసింది. ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

ఆపా వంటింట్లో ఉన్నట్టయితే ఏమనేదో తెలియదు. నేనైతే, వచ్చే ఆర్డరులో సర్దేయొచ్చులే అనబోయాను, నిజం చెబుతున్నాను. వాడు చేయి కడుక్కుని వచ్చి వరండాలో కూర్చున్నాడు. ఈసారి నాకు చూపించలేదు. పంపాక చూపించాడు. మొదటి లైను: "మేడమ్ గారికి నమస్కారం. మేము మీకు రూ.630 తిరిగి ఇవ్వాలి."